మన చేతిలో పని, కాని పని: ఎపిక్టెటస్ మాటల్ని నేటి తెలుగులోకి తిరగరాయడం ఎలా

"నీకు ఏం జరిగిందన్నది ముఖ్యం కాదు, దానికి నువ్వెలా స్పందించావన్నదే ముఖ్యం." ఈ మాట కింద ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ పేరు వేసి ఉన్న బొమ్మ మీ ఫోన్‌కు కూడా వచ్చే ఉంటుంది. ఆయన మాటల్లో ఈ వాక్యం ఈ రూపంలో లేదు. ఆయన అన్న ఒక మాటను ఎవరో తిరగరాశారు, దాన్ని ఇంకెవరో తిరగరాశారు, చివరికి అసలు మాటలో ఉన్న పదును పోయి ఇలా మిగిలింది.

తిరగరాయడం తప్పని నేను అనను. దాదాపు 1900 ఏళ్ళ కిందటి గ్రీకు మాట ఇవాళ బస్సులో నిలబడి చదివేవాళ్ళకు అందాలంటే తిరగరాయక తప్పదు. కాకపోతే ఆ మాటలో ఒక గీత ఉంటుంది: ఇటువైపు మన చేతిలో ఉన్నవి, అటువైపు లేనివి. ఎన్ని మార్చినా ఆ గీత జరగకూడదు. అందుకు నేను చేసే పద్ధతి ఇక్కడ చెబుతాను. ఆయన స్టోయిక్ అనే ప్రాచీన తత్వ సంప్రదాయానికి చెందినవాడు. ఆ తత్వవేత్తలు చాలామంది ఉన్నారు గానీ ఒక్క ఎపిక్టెటస్‌నే తీసుకుంటాను. ఈ గీతను అందరికంటే గట్టిగా గీసింది ఆయనే.

ముందు అసలు చోటు వెతకండి

బొమ్మ మీద దొరికిన వాక్యాన్ని తిరగరాయకండి. అది ఏ పుస్తకంలో, ఎన్నో భాగంలో ఉందో చూసి, ఆ భాగమంతా చదవండి. ఎపిక్టెటస్ విషయంలో ఇది తేలిక. ఆయన స్వయంగా ఏమీ రాయలేదు. శిష్యుడు ఆరియన్ పాఠాలు రాసిపెట్టాడు. ఆ ప్రసంగాల్లో నాలుగు పుస్తకాలు మిగిలాయి. వాటి సారాన్ని అతనే ఒక చిన్న పుస్తకంగా కూర్చాడు, దాని పేరు ఎన్కైరిడియన్. చేతిలో పట్టుకునేది అని అర్థం, అంటే కైపుస్తకం. దానిలో యాభై పైచిలుకు చిన్న భాగాలున్నాయి, కొన్ని రెండు మూడు వాక్యాలే. ఏ ఆంగ్ల అనువాదం తీసుకున్నా భాగాల సంఖ్యలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఇద్దరు అనువాదకుల్ని పక్కపక్కన పెట్టుకుని చూడవచ్చు. ఇద్దరూ ఒకే మాటకు వేర్వేరు పదాలు వాడారంటే, ఆ గ్రీకు మాట దగ్గర ఆగి ఆలోచించాలని గుర్తు.

చెప్పిన మనిషి గురించి కొంచెం తెలిసి ఉండాలి. ఎపిక్టెటస్ క్రీ.శ. 50 ప్రాంతంలో హియరాపొలిస్‌లో పుట్టాడు. ఇప్పుడది తుర్కియేలో పాముక్కలే దగ్గరి శిథిల నగరం. ఆయన బానిస. నీరో చక్రవర్తి కొలువులో పనిచేసిన ఎపఫ్రొడిటస్ అనే ఆయన యజమాని. తరవాత విడుదలై రోములో పాఠాలు చెప్పాడు. డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తల్ని వెళ్ళగొట్టినప్పుడు గ్రీసు పడమటి తీరంలోని నికోపొలిస్‌కు వెళ్ళి అక్కడ బడి పెట్టాడు. ఈ వివరాలు తిరగరాతలో కనిపించనక్కర్లేదు. కానీ "ఒళ్ళు నీ చేతిలో లేదు" అన్నది ఒకప్పుడు తన ఒంటి మీద చట్టప్రకారం వేరొకరికి హక్కున్న మనిషి అని తెలిస్తే, ఆ వాక్యాన్ని తేలిక చేయడానికి మీకు చెయ్యి రాదు.

గీత ఎక్కడుందో కాగితం మీద గీయండి

ఎన్కైరిడియన్ మొదటి భాగం మొదటి వాక్యమే ఈ గీత: ఉన్నవాటిలో కొన్ని మన చేతిలో ఉన్నవి, కొన్ని లేనివి. వెంటనే రెండు జాబితాలు ఇస్తాడు. కాగితం మధ్యలో గీత గీసి రెండు పక్కలా రాసుకోండి. ఇటు నాలుగు: ఒక విషయాన్ని ఇలా అని తలచడం, ఒక పనికి కదలడం, కావాలనడం, వద్దనడం. ఒక్క మాటలో చెప్పాలంటే మనం చేసే పనులన్నీ. అటు నాలుగు: ఒళ్ళు, ఆస్తి, పేరు, పదవి. ఒక్క మాటలో, మనం చేసే పనులు కానివన్నీ.

అటుపక్క జాబితాను ఇంకోసారి చూడండి. చాలా తిరగరాతలు చెడేది ఇక్కడే. ఈ రోజుల్లో రాసేవాళ్ళు "నీ ఆరోగ్యం నీ చేతిలో, నీ సంపాదన నీ చేతిలో, నీ పేరు నీ చేతిలో" అని ఉత్సాహంగా రాసి, కింద ఈయన పేరు పెడతారు. ఆయన ఆ మూడింటినీ అవతలి పక్కకు నెట్టాడు. వ్యాయామానికి పూనుకోవడం మీది, గుండె ఎలా కొట్టుకుంటుందన్నది మీది కాదు. గీత అంత సన్నగా ఉంటుంది. ఏది ఏ పక్కో తేలకపోతే ఒక్క ప్రశ్న వేయండి: దీన్ని బయటివాళ్ళు ఎవరైనా అడ్డుకోగలరా? ఇటుపక్కవి సహజంగా అడ్డులేనివి, అటుపక్కవి అడ్డుపడేవి, పరాయివి అని ఆయనే అదే భాగంలో అంటాడు.

తెలుగు మాట ఎంచుకోవడం

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. గ్రీకులో ఆ మాట ఎఫ్ హేమిన్. ఉన్నదున్నట్టు అంటే "మన మీద" అని. తెలుగులో దీనికి నాలుగైదు మాటలు సిద్ధంగా ఉన్నాయి, ప్రతిదానిలో ఒక గొయ్యి ఉంది.

"నియంత్రణలో ఉన్నవి" అంటే ట్రాఫిక్ పోలీసు గుర్తొస్తాడు. పైగా నియంత్రణ అంటే అణచిపెట్టడం అనే వాసన తగులుతుంది. చదివినవాళ్ళు కోపాన్ని దిగమింగమంటున్నారు అనుకుంటారు. "కంట్రోల్" కూడా అంతే, "కోపం కంట్రోల్ చేసుకో" అనే వాడుక దాన్ని అటే లాక్కెళుతుంది. "మన వల్ల అయ్యేవి" బాగానే ఉంటుంది గానీ, "మన వల్ల కాదు" అనగానే ఓడిపోయిన గొంతు వినిపిస్తుంది. ఎపిక్టెటస్ చేతులెత్తేయడం లేదు, లెక్క చెబుతున్నాడు. "విధి", "తలరాత" అసలు వద్దు. అవి వాడితే అటుపక్క జాబితా ఒక్కటే మిగిలి ఇటుపక్కది మాయమవుతుంది.

"మన చేతిలో ఉన్నవి" అందరికీ అర్థమవుతుంది, కైపుస్తకం అన్న పేరుకు కూడా దగ్గరగా ఉంటుంది. కానీ "చేతిలో డబ్బుంది" అని కూడా మనం అంటాం. డబ్బు ఆయన లెక్కలో అటుపక్కది! చాలాసార్లు కొట్టేసి రాశాక నేను "చేతిలో పని" దగ్గర ఆగాను. "అది నా చేతిలో పని కాదండీ" అని ఆఫీసులోనూ ఇంట్లోనూ రోజూ వింటాం. దానిలో పని అనే మాట ఉంది. మనం చేసే పనులే మనవి అని ఆయన అన్నదానికి అది సరిగ్గా అతుకుతుంది.

ఇటుపక్క నాలుగు మాటల్ని పెట్టేటప్పుడు మన భాష ఒక మేలు చేసింది. అనువాదకులు సాధారణంగా అభిప్రాయం, ప్రేరణ, వాంఛ, విముఖత అని నామవాచకాలు పెడతారు. చదవడానికి నిఘంటువులా ఉంటుంది. నేను వాటిని క్రియలుగా మార్చి చూశాను: అనుకోవడం, పూనుకోవడం, కోరుకోవడం, వద్దనుకోవడం. నాలుగింటిలోనూ "కొను" ఉంది. మనకై మనం చేసేదాన్ని, మనలో మనం చేసేదాన్ని తెలుగు "కొను"తో చెబుతుంది. అనడం నోటి పని, అనుకోవడం లోపలి పని. అవతలి పక్క ఒళ్ళు, ఆస్తి, పేరు, పదవి నామవాచకాలుగానే ఉండిపోతాయి. గీతకు ఇటు చేసేవి, అటు ఉండేవి. వివరణ ఏమీ ఇవ్వకుండానే గీత కంటికి కనిపిస్తుంది. నా తిరగరాత ఇలా తేలింది:

"కొన్ని మన చేతిలో పని, కొన్ని కాదు. అనుకోవడం, పూనుకోవడం, కోరుకోవడం, వద్దనుకోవడం మన చేతిలో పని. ఒళ్ళు, ఆస్తి, పేరు, పదవి మన చేతిలో పని కాదు. మొదటివాటికి ఎవరూ అడ్డురాలేరు. రెండోవాటికి ఎవరైనా అడ్డురావచ్చు, ఎందుకంటే అవి మొదటినుంచీ పరాయివి."

"కొను" ఉన్న ప్రతి క్రియా ఇటుపక్కదే అని మాత్రం పొరబడకండి. "ఇల్లు కట్టుకోవడం"లోనూ కొను ఉంది, దానికి ఇసుక ధర నుంచి అనుమతి దాకా అన్నీ అడ్డురావచ్చు. మాట దొరికాక అడ్డు ప్రశ్న మళ్ళీ వేసి చూడాలి.

తెలుగులో రాసేవాళ్ళకు ఇక్కడే ఇంకో ఆకర్షణ ఉంటుంది. చదవగానే భగవద్గీత రెండో అధ్యాయంలోని "కర్మణ్యేవాధికారస్తే" గుర్తొస్తుంది, దాన్నే కాస్త మార్చి రాసేద్దామనిపిస్తుంది. రెండూ ఫలితాన్ని మన వాటా నుంచి తీసేస్తాయి, అంతవరకు చుట్టరికం నిజమే. కానీ భగవద్గీత శ్లోకంలో విభజన చేసే పనికి, దాని ఫలానికి మధ్య ఉంది. ఎపిక్టెటస్ గీసిన గీత ఇంకా లోపలికి జరిగి ఉంటుంది. చెయ్యి కట్టేస్తే పని ఆగిపోతుంది, ఆ చెయ్యి కూడా ఒంటిలో భాగమే కాబట్టి అటుపక్కదే. పూనుకోవడం ఒక్కటే ఇటు మిగులుతుంది. శ్లోకాన్ని పక్కన పెట్టి పోల్చండి, దాని స్థానంలో పెట్టకండి.

మన, నీ, మీ

ఇది చిన్న పని, కానీ మరిచిపోతే గొంతు చెడుతుంది. ఎన్కైరిడియన్ "మన" అని మొదలై వెంటనే "నువ్వు" అంటుంది, ఎదురుగా కూర్చున్న శిష్యుడితో మాట్లాడినట్టు. తెలుగులో "నువ్వు" అని రాస్తే తెలియని పెద్దవాళ్ళకు గద్దింపులా తగులుతుంది. "మీరు" అని రాస్తే ఆఫీసు సర్క్యులర్‌లా ఉంటుంది. సూత్రం చెప్పేచోట "మన" ఉంచండి. మనసులో అనుకోవాల్సిన మాట వచ్చినచోట "నేను, నాకు" అని రాయండి. చదివేవాళ్ళు దాన్ని నేరుగా తమ మాటగా పలుకుతారు, ఎవరూ ఎవరికీ చెప్పినట్టుండదు.

చోటు మార్చండి, అమరిక మార్చకండి

ఇప్పుడు ఒక భాగాన్ని మొదటినుంచి చివరిదాకా తిరగరాద్దాం. నాలుగో భాగం తీసుకోండి. దానిలో ఉన్నది క్లుప్తంగా ఇది: ఏ పనికి బయలుదేరినా ఆ పని ఎలాంటిదో ముందు గుర్తు చేసుకో. స్నానానికి వెళుతుంటే స్నానశాలలో ఏం జరుగుతుందో ముందే తలుచుకో. నీళ్ళు చిందించేవాళ్ళు, తోసేవాళ్ళు, తిట్టేవాళ్ళు, దొంగతనం చేసేవాళ్ళు ఉంటారు. "నాకు స్నానం కావాలి, నా సంకల్పం ప్రకృతికి తగ్గట్టు ఉండటమూ కావాలి" అని మొదటే అనుకుంటే, అక్కడ ఏదైనా అడ్డు వచ్చినా "నాకు కావలసింది ఇదొక్కటే కాదుగా, జరిగేదాని మీద విసుక్కుంటే రెండోది నిలవదు" అనే మాట సిద్ధంగా ఉంటుంది.

ఊరందరూ కలిసి స్నానం చేసే శాల మనకు లేదు. దాని స్థానంలో ఏం పెట్టాలి? రోములో, గ్రీసులో అది పండగ కాదు, ప్రమాదం కాదు, మామూలు రోజు పని. మనమే కోరి వెళ్ళే చోటు. అక్కడి ఇబ్బందులన్నీ అందరికీ ముందే తెలిసినవి. ఈ మూడూ కలిసే చోటు కావాలి. కొందరు ఇక్కడ ఆసుపత్రో, ఉద్యోగం పోవడమో పెడతారు. అది పొరపాటు. ఈ భాగం బలమంతా విషయం చిన్నది కావడంలోనే ఉంది. నేను ఆర్టీసీ బస్టాండ్ పెట్టాను. అక్కడా నాలుగు రకాలవాళ్ళు ఉంటారు కాబట్టి నాలుగింటికి నాలుగు సరిపోయాయి:

"ఊరికి బయలుదేరే ముందు బస్టాండ్ ఎలా ఉంటుందో ఒకసారి తలుచుకోవాలి. కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపేవాళ్ళుంటారు. తోసుకుని ఎక్కేవాళ్ళుంటారు. చిల్లర దగ్గర నోరు పారేసుకునేవాళ్ళుంటారు. జేబు కొట్టేవాళ్ళూ ఉంటారు. 'నాకు ఊరు చేరడం కావాలి, నా బుద్ధి నిలకడగా ఉండటమూ కావాలి' అని ఇంట్లోనే అనుకుని బయలుదేరాలి. సీటు దొరక్కపోతే అప్పుడు అనుకోవడానికి మాట ఉంటుంది: నేను కోరుకున్నది రెండు, పోయింది ఒకటే. విసుక్కుంటే రెండోదీ పోతుంది."

"సంకల్పం ప్రకృతికి తగ్గట్టు ఉండటం" అన్నదాన్ని "బుద్ధి నిలకడగా ఉండటం" అని చేశాను. దీనిలో నష్టం ఉంది. స్టోయిక్‌ల ప్రకృతి అంటే చెట్లూ కొండలూ కాదు, మనిషి వివేకమూ లోకపు నడకా కలిసినది. అంతా ఒక్క మాటలో పట్టదు. ప్రకృతి అని ఉంచితే చదివేవాళ్ళు పచ్చదనం అనుకుంటారు, కాబట్టి ఆ నష్టాన్ని ఎంచుకున్నాను. మీరు ఇలా ఏదైనా వదిలేసినప్పుడు అదేమిటో మీ కాగితం మీద రాసిపెట్టుకోండి. తరవాత మంచి మాట తడితే మార్చుకోవచ్చు. "పోయింది ఒకటే" అన్న లెక్క అసలులో ఇంత బాహాటంగా లేదు, రెండు కోరికల అమరికలోంచి నేను బయటికి తీశాను. ఇంతవరకు చనువు తీసుకోవచ్చు. కానీ "రెండు కావాలి" అన్న అమరిక తీసేసి "గొడవ పడకుండా సర్దుకుపోవాలి" అని రాస్తే అది ఎపిక్టెటస్ కాదు, మామూలు బుద్ధిమాట.

పని వదిలెయ్యమన్నట్టు వినిపిస్తోందా?

రాసింది ఇంకొకరికి చదివి వినిపించండి. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. "దీన్ని బట్టి రేపు జేబు కొట్టేశారనుకో, ఏం చేస్తావు?" అని అడగండి. "ఏం చేస్తాం, వదిలేస్తాం" అంటే మీ తిరగరాత తప్పింది. కేకేయడానికి, ఫిర్యాదుకు పూనుకోవడం ఇటుపక్కదే. పర్సు దొరకడం అటుపక్కది.

ఈ తప్పు సరిదిద్దడానికి ప్రసంగాల రెండో పుస్తకం అయిదో అధ్యాయంలోని ఓడ ప్రయాణం నాకు చాలా ఉపయోగపడింది. నా చేతిలో పని ఏమిటి అని అడిగి ఎపిక్టెటస్ లెక్క చెబుతాడు: ఓడ నడిపేవాణ్ణి, నావికుల్ని ఎంచుకోవడం, రోజు ఎంచుకోవడం, సమయం చూసుకోవడం. ఆ తరవాత తుఫాను వస్తే నా వంతు అయిపోయింది, ఇక ఆ పని ఓడ నడిపేవాడిది అంటాడు. తుఫాను గురించి బెంగ వద్దన్న మాట అందరూ తీసుకుంటారు, ముందున్న నాలుగు ఎంపికలు వదిలేస్తారు. ఆ నాలుగూ ఉంటేనే చివరి మాటకు అర్హత వస్తుంది. అందుకే నా తిరగరాతలో ప్రతిసారీ ముందు చేయాల్సిన పని ఒకటైనా కనిపిస్తోందా అని చూస్తాను. బస్టాండ్ ముక్కలో అది ఇంట్లోనే తలుచుకుని బయలుదేరడం.

ఎవరికి పంపుతున్నారు?

నా వల్ల ఒక తప్పు జరిగింది, చెప్పాలి. అయిదో భాగంలో చాలా పేరున్న వాక్యం ఉంది. నా తెలుగులో అది: "మనుషుల్ని కలవరపెట్టేవి జరిగినవి కావు, వాటి గురించి వాళ్ళు అనుకున్నవి." ఇది కుదిరినప్పుడు చాలా సంతోషించాను. వెంటనే బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా బంధువు ఒకాయనకు అప్పటికి వారం కిందటే ఉద్యోగం పోయింది. సాయంత్రం ఫోన్ చేశాడు. "అంటే ఏంట్రా, ఇప్పుడు తప్పు నాదేనా? నేను అనుకోవడం వల్లే ఇదంతానా?" అన్నాడు. నాకు మాట రాలేదు.

తరవాత కూర్చుని ఆ భాగం చివరిదాకా మళ్ళీ చదివాను. నేను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. చివర మూడు మెట్లు ఉన్నాయి: తన కష్టానికి ఇతరుల్ని నిందించేవాడు ఇంకా నేర్చుకోనివాడు, తనను నిందించుకునేవాడు నేర్చుకోవడం మొదలుపెట్టినవాడు, ఎవర్నీ నిందించనివాడు నేర్చుకున్నవాడు. మా బంధువు అడిగిన "తప్పు నాదేనా"కు జవాబు అక్కడే ఉంది. కాదు, ఎవరిదీ కాదు. ఆ మూడు మెట్లు లేకుండా మొదటి వాక్యం ఒక్కటే పంపితే అది రెండో మెట్టు మీద మనిషిని నిలబెట్టి వదిలేస్తుంది.

ఇంకో సంగతి పదహారో భాగంలో ఉంది. బిడ్డ దూరమయ్యో, ఆస్తి పోయో ఏడుస్తున్న మనిషిని చూస్తే, అతణ్ణి బాధపెడుతున్నది జరిగినది కాదు, దాని గురించి అతను అనుకున్నది అని నీకు గుర్తుండాలి అంటాడు. అక్కడితో ఆగడు. మాటల్లో అతనితో పాటు బాధపడటానికి వెనకాడవద్దు, అవసరమైతే కలిసి మూలగమంటాడు, లోపల మాత్రం మూలగవద్దంటాడు. అంటే ఆ వాక్యం నీకు గుర్తుండటానికి, అతనికి వినిపించడానికి కాదు. చేతిలో పని గురించిన ఏ మాటైనా తిరగరాసేటప్పుడు "నేను"తో రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే. "నన్ను కలవరపెడుతున్నది జరిగినది కాదు, దాని గురించి నేను అనుకున్నది" అని రాసి ఉంటే, అది నా గోడ మీద ఉండేది, మా బంధువు ఫోన్‌లో కాదు.

కింద ఏ పేరు వేయాలి

రాయడం అయిపోయాక కింద ఒట్టి "ఎపిక్టెటస్" అని వేయకండి. బస్టాండ్, రుమాలు ఆయన మాటలు కావు. "ఎపిక్టెటస్, ఎన్కైరిడియన్ 4, నా తిరగరాత" అని వేయండి. ఆ సంఖ్య ఉంటే చదివినవాళ్ళు కావాలంటే అసలు చోటుకు వెళ్ళి మీరేం మార్చారో చూసుకోగలరు. మా బంధువుకు తరవాత నేను అయిదో భాగం మొత్తం పంపాను, అలాగే సంఖ్య వేసి. ఆయన నాలుగు రోజులకు ఫోన్ చేసి, "ఆ మూడో మెట్టు గురించి చెప్పు" అన్నాడు.